బొమ్మలో ఏముందో చెప్పు

పట్టాభిగారికి ఎదుటివాళ్ళ అభిరుచి మీద నమ్మకం లేదు. బ్యాంకులో జోనల్ మేనేజరుగా కలకత్తాలోనే రిటైరై, ఇప్పుడు న్యూ టౌన్‌లో కొడుకు ఆదిత్య కొన్న ఫ్లాటులో భార్య అన్నపూర్ణతో కలిసి కాలక్షేపం చేస్తున్నారు. ఆ ఫ్లాటు గోడల రంగు ఆయనకు నచ్చలేదు. కోడలు కట్టిన కర్టెన్లు నచ్చలేదు. బాల్కనీలోంచి కనిపించే ఎదుటి భవంతులైతే అసలే నచ్చలేదు. అగ్గిపెట్టెలు పేర్చినట్టున్నాయని వచ్చిన ప్రతివాడికీ చెబుతారు. ఆ భవంతులు తనకు సరిగా కనిపించడం మానేసి చాలాకాలమైందని మాత్రం ఎవరికీ చెప్పరు.

చూపు పూర్తిగా పోలేదు. నడిమధ్యన పోయింది. దేన్ని తిన్నగా చూస్తే అది మాయమై, దాని చుట్టూ ఉన్నది మసకగా మిగులుతుంది. మనిషి వచ్చి ఎదురుగా నిలబడితే భుజాలుంటాయి, చెవులుంటాయి, ముఖం ఉండదు. కంటి వెనక పొర నడిభాగం దెబ్బతిందనీ, పోయింది తిరిగి రాదనీ, ఉన్నదాన్ని కాపాడుకోవాలనీ డాక్టరు చెప్పాడు. ఆ డాక్టరు నిన్నగాక మొన్న పుట్టిన కుర్రకుంక అని పట్టాభిగారు తేల్చేశారు. ఇంట్లో పవర్ మారిందని చెప్పి కొత్త కళ్ళజోడు చేయించుకున్నారు. ఆ జోడు వల్ల ఆయనకు కనిపించేదేమీ లేదుగానీ, చూసేవాళ్ళకు మాత్రం ఆయన బాగా చదివే మనిషిలా కనిపిస్తారు.

ఇంత గుట్టు దేనికంటే, ఆయనకు మిగిలిన పదవి ఒకే ఒక్కటి. అది కళ్ళతో చేసే పని.

కలకత్తాలో తెలుగువాళ్ళకు సంఘాల కరువు లేదు. వాటిలో ఒకటైన గంగాతీర తెలుగు సమితి ఏటా ఉగాదికి పిల్లలకు బొమ్మల పోటీ పెడుతుంది. పట్టాభిగారు పూర్వం బ్యాంకు పత్రికలో చిత్రకళ మీద వ్యాసాలు రాసి ఉండటం వల్లా, ఆయనకు కాదని చెప్పే ధైర్యం ఎవరికీ లేకపోవడం వల్లా, ఆ పోటీకి న్యాయనిర్ణేత ఎప్పుడూ ఆయనే. బొమ్మల కట్ట ఇంటికి వస్తుంది. ఆయన గది తలుపు వేసుకుంటారు. లోపలికి ఎవరూ రాకూడదు, కళ దగ్గర గోల పనికిరాదు. తరువాత సభలో మైకు పట్టుకుని రంగుల పొందిక గురించీ గీతలో బలం గురించీ మాట్లాడతారు. ఆ మాటలు ఏ బొమ్మకైనా సరిపోతాయి. పక్కచూపుతో పట్టుబడిన రంగు మరకల్ని బట్టి మార్కులేసి, పైన ఈ మాటలు కప్పి, కొన్నేళ్ళుగా ఆయన నెట్టుకొస్తున్నారు.

పోయినేడాది ఒక పిల్లవాడి బొమ్మకు రెండో బహుమతి ఇస్తూ, ఎక్కడ ఆగాలో తెలిసిన చెయ్యి ఇది, తెల్లవారుజామున గంగ మీద పొగమంచును కాగితం తెలుపుతోనే చూపించాడు అన్నారు. హాలంతా చప్పట్లు కొట్టింది. ఈ జనానికి ఏం తెలుసని కొడుతున్నారు అనుకున్నారు పట్టాభిగారు, కుర్చీలో కూర్చుంటూ.

ఈ ఏడాది కట్టను ఎప్పటిలాగే ఇమ్మానుయేలు తెచ్చాడు. ఇమ్మానుయేలు సమితి కార్యదర్శి. గార్డెన్ రీచ్‌లో ఓడరేవు ఆఫీసు ఉద్యోగి, శ్రీకాకుళం వైపు మనిషి. కుర్చీలు అద్దెకు తేవడానికీ పులిహోర పొట్లాలు లెక్క చూడటానికీ తప్ప ఇంకెందుకూ పనికిరాడని పట్టాభిగారి అభిప్రాయం. ఈసారి అంశం ‘మా ఇల్లు’ అని చెప్పి, మార్కులు శనివారం వచ్చి పట్టుకెళతానని వినయంగా అని, అన్నపూర్ణ ఇచ్చిన కాఫీ తాగి అతను వెళ్ళిపోయాడు.

పట్టాభిగారు తలుపు వేసుకుని మొదటి కాగితం తీశారు. పక్కకు తిప్పి చూశారు, పైకెత్తి చూశారు, కిటికీ దగ్గరకు పట్టుకెళ్ళి చూశారు. పోయినేడాదికి ఈ ఏడాదికి చూపు మరికొంత జారిపోయింది. అప్పుడు కనీసం మరకలు దొరికేవి. ఇప్పుడు మరకలు కూడా ఒకదానిలోకొకటి కలిసిపోతున్నాయి. ఆయనకు నిజంగా భయం వేసింది. ఈ సంగతి బయటపడితే రేపణ్ణించి ఇమ్మానుయేలులాంటివాడు కూడా చెయ్యి పట్టుకుని బాత్రూము దాకా తీసుకెళతానంటాడు. ఆ ఊహకే ఆయనకు ఒళ్ళు మండింది.

భార్యను పిలుద్దామా అంటే, ఆవిడకు బొమ్మ చూపిస్తే బాగుంది అంటుంది. ఏ బొమ్మ చూపించినా బాగుందనే అంటుంది. కోడలికీ ఆ మాట ఒక్కటే వచ్చు. లోకంలో కళ్ళున్నవాళ్ళందరూ కళ్ళు వాడకుండా బతికేస్తున్నారని పట్టాభిగారికి ఎప్పుడో అర్థమైంది.

అప్పుడు ఫోను గుర్తొచ్చింది. తెలుగులో అడిగితే తెలుగులో జవాబు చెప్పే చాట్ ఒకటి ఆ మధ్య ఆదిత్య అందులో పెట్టాడు. చేత్తో రాయనక్కర్లేదు, మైకు నొక్కి మాట్లాడితే చాలు, అది కూడా పైకి చదివి వినిపిస్తుంది అని చెప్పాడు. పట్టాభిగారు దాన్ని ఒకటి రెండు పద్యాలకు అర్థం అడిగి, ఒక సమాసం తప్పు విడదీసిందని పట్టుకుని, ఆ తరువాత దాని మొహం చూడలేదు. ఇప్పుడు గొంతు తగ్గించి, కూడని పని చేస్తున్నవాడిలా అడిగారు.

“నీకు బొమ్మలు కనపడతాయా?”

హడావిడిగా వార్తలు చదివే మనిషిలా అది తెలుగులో బదులిచ్చింది. ఫోటో పంపితే చూడగలననీ, అందులో ఏముందో తెలుగులోనే వివరించగలననీ అంది.

పట్టాభిగారు బొమ్మను బల్లకు ఆనించి నిలబెట్టి, ఫోను తెరను దానివైపు తిప్పి పట్టుకున్నారు. అద్దంలో మనిషి పడ్డట్టు బొమ్మ అందులో పడుతుందని ఆయన లెక్క. కాసేపు అలా ఉంచి, ఇప్పుడు చెప్పు, ఇందులో ఏముంది అని దర్జాగా అడిగారు. ఇంతవరకు తనకు ఏ ఫోటో రాలేదని అది జవాబిచ్చింది. ఆయన ఫోనును ఇంకా దగ్గరకు జరిపి, ఇంత ముక్కు మీద పెట్టినా కనపడలేదా అని గద్దించారు. ఈ సంభాషణలో పంపిన ఫోటోలు మాత్రమే తనకు కనిపిస్తాయనీ, ఫోను ముందు పెట్టిన వస్తువులు గానీ, ఫోనులో దాచుకున్న మిగతా ఫోటోలు గానీ తనంతట తాను చూడలేననీ అది చెప్పింది. రాసే చోటు పక్కన సాధారణంగా కూడిక గుర్తు ఉంటుందట, అది నొక్కితే కెమెరా వస్తుందట.

చూడగలనని చెప్పి చూడలేకపోవడం ఈ దేశంలో అందరూ చేస్తున్న పనే అని పట్టాభిగారు తిట్టుకున్నారు. తిట్టుకుంటూనే భూతద్దం తీసి, తల వంకరగా పెట్టి, ఆ కూడిక గుర్తు కోసం వెతికారు. ఫోటో తీయడం ఆయనకు చేతకాని పని. మొదటిసారి పంపింది చూసి యంత్రం, ఫోటో చీకటిగా ఉందనీ, కాగితం కింది అంచు మాత్రమే పడిందనీ, ఎడమవైపు సగం వేలిలాంటిది అడ్డుగా ఉందనీ చెప్పింది. వెలుతురున్న చోట పెట్టి పైనుంచి తీయమంది. బ్యాంకులో ఎవడూ ఆయనకు ఇలా చెప్పి బతికి బట్టకట్టలేదు. ఆయన నోరు మూసుకుని కాగితాన్ని కిటికీ దగ్గర బల్ల మీద పరిచి, మళ్ళీ తీశారు.

ఈసారి అది చెప్పింది. పిల్లలు మైనపు రంగులతో వేసిన బొమ్మలా ఉంది. రెండు కొండల మధ్య పసుపు సూర్యుడు ఉదయిస్తున్నాడు. ముందు ఎర్ర పైకప్పు ఉన్న చిన్న ఇల్లు, పక్కన కొబ్బరి చెట్టు, నీలం రంగు ఏరు. చాలా అందమైన, ఆహ్లాదకరమైన బొమ్మ అని ముగించింది.

“బాగుందనే ముక్క నువ్వు చెప్పక్కర్లేదు,” అన్నారు పట్టాభిగారు. “అది చెప్పడానికి ఇంట్లో మనుషులున్నారు. ఉన్నది ఉన్నట్టు చెప్పు చాలు.”

సరేనంది. ఆ తరువాత ఆ సంభాషణలో ఆ మాట మళ్ళీ అనలేదు. చెప్పిన పని ఒకసారి చెబితే చేసే ప్రాణి ఇన్నాళ్ళకు ఒకటి దొరికిందని ఆయనకు కొంచెం సంతోషం వేసింది. పైకి ఒప్పుకోలేదు.

ఇక ఆయనకు బొమ్మల లోకం తెరుచుకుంది. తెరుచుకున్నకొద్దీ అసహ్యం పెరిగింది. రెండో బొమ్మలోనూ కొండల మధ్య సూర్యుడే. మూడోదాంట్లోనూ అదే ఇల్లు, అదే కొబ్బరి చెట్టు. పుట్టి బుద్ధెరిగి లిఫ్టులో తప్ప పైకి ఎక్కని న్యూ టౌన్ పిల్లలు, ‘మా ఇల్లు’ వేయమంటే కొండ కింద గుడిసె వేశారు. వీళ్ళ తల్లిదండ్రులు ఇరవై అంతస్తుల ఇళ్ళకు వాయిదాలు కడుతూ పిల్లల చేత గుడిసెలు వేయిస్తున్నారు. ఇన్నేళ్ళూ తాను మరకలు చూసి మెచ్చుకున్నవి ఇవేనా అని ఆయనకు మొదటిసారి సిగ్గనిపించింది.

ఆ సిగ్గు చాలదన్నట్టు ఇంకొకటి జరిగింది. ఒక కాగితాన్ని ఫోటో తీసి పంపితే యంత్రం ఇలా అంది.

“ఈ కాగితం దాదాపు ఖాళీగా ఉంది. అవతలి వైపు గీసిన గీతలు లీలగా కనిపిస్తున్నాయి. ఇది కాగితం వెనకవైపు కావచ్చు. తిప్పి ఇంకో ఫోటో పంపుతారా?”

పట్టాభిగారు తిప్పబోయి ఆగిపోయారు. ఎక్కడ ఆగాలో తెలిసిన చెయ్యి. గంగ మీద పొగమంచు. కాగితం తెలుపు. పోయినేడాది మైకులో తాను అన్న ప్రతి మాటా ఆయన చెవిలో మళ్ళీ మోగింది. అది ఏ బొమ్మో, ఏ వైపో ఇప్పుడు తెలిసే దారి లేదు. పుట్టిన అనుమానాన్ని ఆయన పైకి రానివ్వలేదు. అదే అయి ఉంటే ఎవడో ఒకడు అనేవాడు కదా, ఇంతమందిలో ఒక్కడూ అనలేదంటే అది కాదు అని సర్దిచెప్పుకుని, కాగితం తిప్పారు.

మర్నాడు కట్ట అడుగు నుంచి వచ్చింది ఆ బొమ్మ. యంత్రం చెప్పినదాన్ని ఆయన రెండుసార్లు చదివించుకున్నారు. కొండ లేదు, సూర్యుడు లేదు. పెన్సిలుతో వేసిన బొమ్మ, అక్కడక్కడ మాత్రం రంగు. వెనక రైలు పట్టాలు చాలా ఉన్నాయి, ఒకదాన్నొకటి దాటుకుంటూ. ముందు పసుపు గోడల పొడవాటి వరస ఇళ్ళు, క్వార్టర్లలా ఉన్నాయి. రెండు స్తంభాల మధ్య తాడు కట్టి బట్టలు ఆరేశారు, ఆ బట్టలన్నీ ఒకే వైపు ఎగురుతున్నాయి, రైలు అప్పుడే దాటిపోయినట్టు. ఒక గుమ్మంలో పీట మీద ముసలావిడ కూర్చుని ఉంది. ఆవిడ చెయ్యి గుమ్మం చెక్క మీద ఉంది. ముక్కు, నోరు, నుదుటి మీద బొట్టు గీసి ఉన్నాయి. కళ్ళు గీయలేదు. కింద ఇంగ్లీషులో మహిత, సంత్రాగాఛి అని రాసి ఉంది. సంత్రాగాఛి అంటే గంగ అవతల రైల్వేవాళ్ళుండే పేట.

కళ్ళెందుకు గీయలేదని అడిగారు. మరిచిపోయారో, కావాలనే వదిలేశారో బొమ్మను బట్టి తాను చెప్పలేనని అంది. చెరిపిన గుర్తులున్నాయా అని అడిగారు. ఈ ఫోటోలో స్పష్టంగా లేదంది. ముఖం దగ్గర నుంచి మళ్ళీ తీసి పంపారు. చెరిపిన మరక ఏదీ తనకు కనిపించడం లేదనీ, అయితే సన్నని పెన్సిలు గీతల విషయంలో తాను పొరబడే అవకాశం ఉంది గనక చూపున్నవాళ్ళెవరికైనా ఒకసారి చూపించడం మంచిదనీ చెప్పింది.

చూపున్నవాళ్ళు. పట్టాభిగారు నవ్వుకున్నారు. ఎవరికి చూపించాలి, బాగుంది అనడానికి. ఎగిరే బట్టల్ని బట్టి రైలు వెళ్ళిపోయిందని చెప్పిన పిల్ల ఈ ఊళ్ళో ఒకతి ఉంది. అది చాలు. కట్టంతటిలో ఇల్లు అనేది ఆ ఒక్క కాగితంలోనే ఉందని ఆయనకు తెలిసిపోయింది. మొదటి బహుమతి దానికే అని నిర్ణయించుకుని, ఆ కాగితాన్ని కట్ట పైన పెట్టుకున్నారు. మరకల మీద కాక బొమ్మ మీద తీర్పు చెప్పి ఎన్నేళ్ళయిందో.

శుక్రవారం సాయంత్రం సమితి వాట్సాప్ గుంపులో ఏదో బొమ్మ వచ్చి పడింది. వరసగా దాని కింద సందేశాల చప్పుళ్ళు మొదలయ్యాయి. మామూలుగా అయితే ఆయన అలాంటివి పట్టించుకునేవారు కాదు. ఇప్పుడు చేతికి కొత్త అలవాటు అంటుకుంది. దాన్ని ఫోనులోకి దించి, చాట్‌లో పెట్టి, ఇందులో ఏముంది అన్నారు.

అది ఒక పోస్టరనీ, ఉగాది వేడుకల గురించి అనీ చెప్పి, యంత్రం అక్షరాలు చదవడం మొదలుపెట్టింది. పైన సమితి పేరు. కింద బాలల చిత్రలేఖన పోటీ విజేతలు. మొదటి బహుమతి, రెండో బహుమతి, మూడో బహుమతి, ఒక్కొక్కదాని ఎదుట ఒక్కొక్క పేరు. వాటిలో మహిత లేదు. కుడివైపు మూలన కళ్ళజోడు పెట్టుకున్న పెద్దాయన ఫోటో ఉందనీ, ముఖం చూసి ఆయనెవరో తాను చెప్పననీ, కానీ ఫోటో కింద న్యాయనిర్ణేత శ్రీ పట్టాభిగారు అని రాసి ఉందనీ చదివింది.

పట్టాభిగారు మళ్ళీ చదవమన్నారు. అవే పేర్లు. ఆయన వేసిన మార్కులు ఇంకా ఆయన బల్ల మీదే ఉన్నాయి. తన ఫోటో వేసి, తన పేరు రాసి, తన తీర్పు తనకు తెలియకుండా ప్రకటించేశారు. అదీ ఎక్కడో చాటున కాదు, తాను ఉన్న గుంపులోనే, తన కళ్ళెదుటే. కళ్ళెదుట పెట్టినా ఫరవాలేదని వాళ్ళకు ఎలా తెలుసో ఆలోచించేసరికి ఆయన ఫోనును బల్ల మీద బోర్లా పెట్టేశారు.

శనివారం ఇమ్మానుయేలు వచ్చి, మార్కులు ఇప్పిస్తారా సార్ అని ఎప్పటి వినయంతోనే అడిగాడు. పోస్టరులో ఉన్న పేర్లు ఎవరు ఎంచారని పట్టాభిగారు అడిగారు. ఏ పోస్టరు అన్నట్టు కాసేపు నసిగాడు. తరువాత అతని గొంతు మారింది.

“మీకు అది సదివిపెట్టినోరు ఎవరు సార్?”

ఇమ్మానుయేలు కుర్చీ అంచు మీదకు జరిగి, ఉన్నదంతా ఒక్కసారే చెప్పేశాడు. కుర్రాళ్ళు తొందరపడి పోస్టరు గుంపులో పెట్టేశారు, తను చూసేసరికి అందరూ చూసేశారు. పేర్లు ఎంచింది డ్రాయింగు క్లాసులు చెప్పే లక్ష్మీసౌజన్య. పోయినేడాది గొడవ తరువాత కమిటీ అలా నిర్ణయించింది. కట్ట ముందు ఆవిడకు వెళ్ళి, తరువాతే ఇక్కడికి వచ్చింది. ఆ గొడవేమిటో పట్టాభిగారు అడగకుండానే అతను చెప్పాడు.

“మీరు బహుమతిచ్చింది కాగితం ఎనకేపుకి సార్. ముందేపు ఆ కుర్రాడు రాకెట్టేసేడు. ఆడి అమ్మా నాన్నా ఏటనాలో తెలీక ఇంటికి పట్టుకుపోనారు. మీరు పెద్దోరు, మొకం మీద చెప్పలేకపోనాం. ఈసారి పోస్టరు మీద పేరు మాత్రం మీదే ఉంచీసేం.”

కుర్చీలు మోసేవాడు, పొట్లాలు పంచేవాడు, ఏడాదిపాటు ఈ మాటను కడుపులో పెట్టుకుని తనకు దండాలు పెడుతున్నాడు. హాలు హాలంతా పెట్టింది. ఎవరినైతే ఆయన చీదరించుకుంటూ వచ్చారో, ఆ జనమంతా ఆయన మీద జాలి పడుతున్నారు. తిట్టినా ఇంత మంట ఉండేది కాదు. ఇంతకాలం వాళ్ళ ముందు తాను వేసిన వేషం వాళ్ళు టిక్కెట్టు లేకుండా చూశారన్నమాట. పైగా మర్యాదకు చప్పట్లు కూడా కొట్టారు.

అందులోనూ పెద్ద దెబ్బ ఇంకొకటుంది. ఇన్నేళ్ళలో ఆయన నిజంగా బొమ్మలు తెలుసుకుని మార్కులేసింది ఈ ఒక్క ఏడాదే. గుడ్డి తీర్పులన్నీ చెల్లిపోయాయి. కళ్ళు దొరికిన తీర్పు చెల్లకుండా పోతోంది.

“ఇమ్మానుయేలూ,” అన్నారు పట్టాభిగారు, “నాకు కళ్ళు కనపడవు. అది నీకు తెలుసని ఇప్పుడు నాకూ తెలిసింది. కానీ ఆ కట్టలో ఏ బొమ్మలో ఏముందో నీకంటే, ఆ సౌజన్యకంటే నాకే బాగా తెలుసు.”

ఇమ్మానుయేలు నమ్మలేదు. పట్టాభిగారు కట్టను అతని ముందుకు తోసి, ఏదో ఒకటి తీసి ఫోటో పంపమని తన ఫోను ఇచ్చారు. అతను తీశాడు, యంత్రం చెప్పింది, అతను కాగితం వంక చూస్తూ విన్నాడు. ఇంకొకటి తీశాడు. అందులో ట్రామును అది బస్సు అంది, మిగతాదంతా సరిగ్గానే చెప్పింది. మూడోది ఇమ్మానుయేలు తనంతట తానే తీశాడు, సరదా పుట్టినట్టుంది. అప్పుడు పట్టాభిగారు సంత్రాగాఛి బొమ్మ గురించి చెప్పారు. మొదటి బహుమతి దానికే రావాలన్నారు.

“అది మేడం పక్కనెట్టీసింది సార్. కళ్ళెయ్యనేదు, పూర్తి కానేదని,” అన్నాడతను. “ఇప్పుడు మారిస్తే ఎందుకు మార్చేరని అడుగుతారు. మీరు చూసేరంటే ఎవలూ నమ్మరు. నానేటి చెప్పను?” అని అడిగాడు.

అక్కడికి వచ్చి ఆగింది విషయం. మార్కులు చెల్లాలంటే కళ్ళు లేవని సభలో చెప్పాలి. కళ్ళున్నట్టు కూర్చోవాలంటే ఆ బొమ్మను వదిలేసి, గుడిసెకు మొదటి బహుమతి ఇవ్వాలి. గడపలో నిలబడి అంతా వింటున్న అన్నపూర్ణ లోపలికి వచ్చింది.

“చెప్పేయండి. ఇంట్లో మేం ఎప్పటినుంచో అలవాటుపడ్డాం. బయట వాళ్ళూ పడతారు,” అంది, పెద్ద సంగతేమీ కానట్టు.

పట్టాభిగారు ఆవిడవైపు తిరిగారు. చీర అంచు కనిపించింది, ముఖం కనిపించలేదు. ఆవిడను ఇన్నాళ్ళూ ఏమార్చాననుకున్న మనిషి, కాఫీ చల్లారిపోయిందని విసుక్కున్నారు.

గార్డెన్ రీచ్‌లో తీసుకున్న హాలు ఆదివారం నిండిపోయింది. స్త్రీలు పట్టుచీరల చప్పుడు చేస్తున్నారు, పిల్లలు తమలో తాము బెంగాలీలో అరుచుకుంటున్నారు. పట్టాభిగారిని మైకు దగ్గరకు పిలిచారు. ఎప్పటిలాగే కళ్ళజోడు సర్దుకోబోయి, దాన్ని తీసి జేబులో పెట్టుకున్నారు. తనకు చూపు పోయిందని చెప్పారు. పోయినేడాది తాను బహుమతి ఇచ్చింది కాగితం వెనకవైపుకని చెప్పారు. ఎక్కడో ఒకరు నవ్వబోయి ఆపుకున్నారు. ఈసారి ఫోనులో చాట్‌ను తెలుగులో అడిగి, అది చెప్పింది తెలుగులో విని, బొమ్మ బొమ్మా తెలుసుకుని మార్కులేశానని చెప్పారు. అందులో తప్పులుండొచ్చు, ట్రామును బస్సు అంటుంది, కానీ మీలో చాలామందిలా చూడకుండా బాగుంది అనదు అన్నారు. అది విని ముందు వరస కొంచెం చిన్నబుచ్చుకుంది. అన్నందుకు ఆయనకు హాయిగానే ఉంది.

పోస్టరు మీద పేర్లు తనవి కావని చెప్పి, మొదటి బహుమతి సంత్రాగాఛి మహితకు అని ప్రకటించారు. ముందు వరసలో లక్ష్మీసౌజన్య లేచి, నెమ్మదిగానే, ఆ బొమ్మ పూర్తి కాలేదు సార్, ముఖానికి కళ్ళే లేవు, ఎవరినైనా చూసి చెప్పమనండి అంది. ఆవిడ అన్నది నిజమే. ఆ కళ్ళ సంగతి యంత్రానికీ తెలియదు, పట్టాభిగారికీ తెలియదు. తెలిసినట్టు మాట్లాడటానికి ఆయన దగ్గర మాటలు బోలెడున్నాయి. శూన్యం, సంకేతం, లోచూపు, ఏదన్నా చెల్లుతుంది. పోయినేడాదైతే చెల్లించేవారు.

“నాకు తెలీదు,” అన్నారు పట్టాభిగారు మైకులో. ఆ మాట ఆయన సభలో అనడం అదే మొదలు. “వేసినమ్మాయి ఇక్కడే ఉంటే వచ్చి చెప్పాలి.”

వెనక వరసల్లో కదలిక పుట్టింది. కాసేపటికి ఎవరో మెట్లెక్కిన చప్పుడైంది. పక్కచూపులో ఆయనకు ఒక జడ, ఆకుపచ్చ గౌను అంచు తెలిశాయి. మైకు కిందికి దించి పట్టుకుని, బొమ్మలో ఉన్నది ఎవరమ్మా, కళ్ళు వేయడం మరిచిపోయావా అని అడిగారు.

“మరిసిపోనేదు తాతా,” అంది మహిత. “అది మా మామ్మ అప్పలలక్ష్మి. మామ్మకి కళ్ళు కనపడవు. కళ్ళేసీస్తే కనపడతాదనుకుని ఎవలూ సెయ్యి పట్టుకోరు.”

లక్ష్మీసౌజన్య మెల్లగా కూర్చున్నట్టు కుర్చీ చప్పుడు వినిపించింది. పట్టాభిగారు మైకును ఇమ్మానుయేలుకు ఇచ్చేసి, ఆ పిల్ల ఎటు నిలబడిందో అటువైపు తన చెయ్యి చాచారు.